ఫోనులో టేబుల్ బుకింగ్ తీసుకునేటప్పుడు ఏం మాట్లాడాలి, ఏది తిరిగి చెప్పాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

రెస్టారెంటులో ఫోను దగ్గర కొత్తగా కూర్చున్నవారికి నేను నేర్పే మొదటి విషయం పలకరింపు కాదు, వివరాలను తిరిగి చెప్పడం. పలకరింపులో తడబడితే అతిథి మరచిపోతారు. తేదీ తప్పుగా రాసుకుంటే మాత్రం కుటుంబమంతా గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది, మన దగ్గర టేబుల్ ఉండదు. అందుకే ఇక్కడి జవాబుల్లో ఎక్కువ భాగం ఆ తిరిగి చెప్పడం చుట్టూనే ఉంటాయి.

వివరాలు ఏ వరుసలో అడగాలి?

తేదీ, మనుషుల సంఖ్య, సమయం, ఆ తర్వాత పేరు, ఫోను నంబరు. చివరగా ప్రత్యేక అవసరాలు.

మొదటి మూడూ తెలిస్తే గాని టేబుల్ ఉందో లేదో చెప్పలేము. పేరూ నంబరూ ముందే రాసుకుని, ఆ తర్వాత ఖాళీ లేదని చెబితే అతిథి సమయం వృథా అవుతుంది. మనుషుల సంఖ్యను సమయం కన్నా ముందు అడగడానికీ కారణం ఉంది. ఇద్దరికైతే ఎనిమిది గంటలకు టేబుల్ దొరకవచ్చు, తొమ్మిది మందికి దొరకకపోవచ్చు. సంఖ్య తెలియకుండా "ఎనిమిదికి ఉందండీ" అని మాట ఇచ్చేస్తే వెనక్కి తీసుకోవడం కష్టం.

అతిథి తనంతట తాను వేరే వరుసలో చెబితే అడ్డు తగలకండి. చెప్పినవన్నీ రాసుకుని, మిగిలినవి మాత్రమే అడగండి. ఇప్పుడే చెప్పినదాన్ని మళ్లీ మొదటి నుంచి అడిగితే, మనం వినడం లేదని వారికి అర్థమవుతుంది.

విన్నది విన్నట్టు తిరిగి చెబితే చాలదా?

చాలదు. ఇది చాలామందికి తెలియని విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అతిథి "ఏడున్నరకు" అన్నారనుకోండి. లైను సరిగా లేక చివరి ముక్క తెగిపోయి మీకు "ఏడుకు" అని వినిపించింది. మీరు "ఏడుకు అండీ" అన్నారు. ఆ చివరి ముక్క అటువైపూ సరిగా వినిపించకపోతే, అతిథి తాను చెప్పిందే విన్నాననుకుని "అవునండీ" అంటారు. ఇద్దరూ ఒప్పుకున్నారు, ఇద్దరి మనసులో వేర్వేరు సమయాలు ఉన్నాయి. ఒకే శబ్దాన్ని అటూ ఇటూ పంపుకుంటే తప్పు బయటపడే అవకాశం తక్కువ.

అందుకని, తిరిగి చెప్పేటప్పుడు రూపం మార్చాలి. వారు "ఏడున్నర" అంటే మీరు "ఏడు ముప్పై" అనండి. వారు "ఎల్లుండి" అంటే మీరు వారం పేరూ తేదీ చెప్పండి. వారు "మా ఇంటిల్లిపాదీ" అంటే మీరు అంకె చెప్పండి. అదే అర్థం వేరే మాటల్లో వినిపించినప్పుడు అతిథి ఒక్క క్షణం ఆగి పోల్చి చూసుకుంటారు. ఆ ఒక్క క్షణమే మనకు కావాలి.

ఇంకొకటి: జ్ఞాపకం నుంచి కాదు, రాసుకున్నది చూస్తూ చదవాలి. చెవి సరిగ్గా విని, చేయి తప్పు రాసే సందర్భాలు నేను చాలా చూశాను. జ్ఞాపకం నుంచి చెబితే అతిథికి సరైనదే వినిపిస్తుంది, పుస్తకంలో తప్పే మిగిలిపోతుంది.

తేదీ ఎలా ఖాయం చేసుకోవాలి?

వారం పేరూ, తేదీ, నెల. మూడూ కలిపి ఒకే మాటగా చెప్పండి: "జూన్ 20, శనివారం." క్యాలెండర్ కళ్ల ముందు ఉండాలి. ఫోను ఎత్తే చోట గోడకో బల్లకో ఒకటి తప్పనిసరి.

మూడూ కలపడంలో లాభం ఏమిటంటే, ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. ఫోనులో "జూన్", "జూలై" కలిసిపోవడం మామూలే. 2026లో జూన్ 13 శనివారం, జూలై 13 సోమవారం. మీరు "జూలై 13, సోమవారం" అనగానే శనివారం మనసులో పెట్టుకున్న అతిథి "సోమవారం కాదండీ" అంటారు. పదహారు, పదిహేడు కూడా లైనులో దగ్గరగా వినిపించే మాటలే. పక్కపక్క రోజులు కాబట్టి వారం పేరు ఆ తప్పును వెంటనే పట్టిస్తుంది.

వారం పేరు పట్టుకోలేని తప్పులూ ఉన్నాయి, వాటిని గుర్తుపెట్టుకోవాలి. సరిగ్గా ఒక వారం తేడా వస్తే రెండు రోజులూ శనివారమే అవుతాయి. అక్కడ తేదీయే ఆధారం. ఇక ఫిబ్రవరి, మార్చి. లీపు సంవత్సరం కాకపోతే ఫిబ్రవరికి సరిగ్గా నాలుగు వారాలే కాబట్టి ఆ రెండు నెలల్లో ఒకే తేదీకి ఒకే వారం వస్తుంది. 2026లో ఫిబ్రవరి 13, మార్చి 13 రెండూ శుక్రవారాలే. ఆ రోజుల్లో వచ్చే ఫోన్లకు నెల పేరును ఒత్తి, విడిగా చెప్పి, అవునని వినాలి.

"వచ్చే శనివారం" అంటే ఏ శనివారం?

సోమవారం నాడు "వచ్చే శనివారం" అన్నవారిలో కొందరి ఉద్దేశం అదే వారంలో రానున్న శనివారం, కొందరిది ఆ తర్వాతి వారంలోది. ఎవరిదీ తప్పు కాదు, మాటే రెండు వైపులకూ సాగుతుంది. ఏది సరైన అర్థమని మనం తీర్పు చెప్పనక్కర్లేదు. రెండు తేదీలూ ముందు పెట్టి అడగండి: "జూన్ 13నా అండీ, 20నా?" ఇలా అడిగితే "అవును" అని తప్పించుకునే జవాబు కుదరదు, ఏదో ఒకటి చెప్పి తీరాలి.

అర్ధరాత్రి దాటాక వచ్చే ఫోన్లలోనూ ఇదే జాగ్రత్త. రాత్రి పన్నెండున్నరకు ఫోను చేసి "రేపు సాయంత్రం" అన్నవారికి ఇంకా తెల్లవారలేదు కాబట్టి రోజు మారినట్టు అనిపించదు. క్యాలెండర్ లెక్కలో ఆ "రేపు" అప్పటికే "ఈ రోజు" అయిపోయి ఉండవచ్చు. "రేపు", "ఎల్లుండి" వంటి మాటలను పుస్తకంలో ఎప్పుడూ రాయకండి. తేదీగా మార్చాకే రాయండి.

సమయం చెప్పడంలో ఎక్కడ పొరపాట్లు వస్తాయి?

మన భాషలో సమయం చెప్పే అందమైన మాటలు కొన్ని ఫోనులో ప్రమాదకరం. "ఏడుం పావు" అంటే 7:15, "ఏడుం ముప్పావు" అంటే 7:45. ఆ రెంటికీ మధ్య తేడా ఒక్క "ముప్". వంటగది చప్పుడులో అది వినిపించకుండా పోతుంది, అరగంట తేడా వస్తుంది. అతిథి అలా చెబితే మీరు "ఏడు పదిహేను" లేదా "ఏడు నలభై ఐదు" అనండి. ఇంగ్లీషు అంకెల్లో మాట్లాడేవారితో ఫిఫ్టీన్, ఫిఫ్టీ కలిసిపోతాయి. వారికి తెలుగు అంకె చెబితే సందేహం తీరిపోతుంది.

పూటను కూడా వదలకండి. మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ తెరిచి ఉండే చోట "పన్నెండున్నర" అంటే మధ్యాహ్నమే అయి ఉంటుందని ఊహించుకోవడం సులువు. అయినా "మధ్యాహ్నం పన్నెండు ముప్పై" అనడానికి పట్టేది ఒక్క సెకను.

ఒక చిన్న విషయం, కాని చాలామంది జారిపోయేది: టేబుల్ ఎంతసేపు ఉంటుందో చెప్పేటప్పుడు "టేబుల్ రెండు గంటలండీ" అనకండి. అది రెండు గంటలకు అన్నట్టు వినిపించవచ్చు. "ఏడు పదిహేను నుంచి తొమ్మిది పదిహేను వరకు టేబుల్ మీకు ఉంటుందండీ" అని మొదలూ చివరా చెప్పండి.

మనుషుల సంఖ్యను, సమయాన్ని ఒకే వాక్యంలో చెప్పవచ్చా?

చెప్పవచ్చు, కాని ప్రతి అంకె పక్కనా అది దేనిదో తెలిపే మాట ఉండాలి. ఈ సలహా ఒక సాయంత్రం నాకు గట్టిగా తగిలిన దెబ్బ నుంచి వచ్చింది. ఒకావిడ ఏడుగురికి ఎనిమిది గంటలకు టేబుల్ అడిగారు. నేను పుస్తకంలో "7, 8" అని మాత్రమే రాశాను, తిరిగి చెప్పేటప్పుడు కూడా "ఏడు, ఎనిమిది, సరేనా అండీ" అన్నాను. ఆవిడ సరే అన్నారు. తర్వాతి పూట పుస్తకం చూసిన సహోద్యోగి దాన్ని ఏడు గంటలకు ఎనిమిది మందిగా చదివారు. ఏడుంబావుకు ఎవరూ రాలేదని టేబుల్ వేరేవారికి ఇచ్చేశారు. ఎనిమిదికి ఏడుగురు వచ్చారు, అందులో ఒక పెద్దాయన నిలబడలేని స్థితిలో ఉన్నారు. ఆయనకు కుర్చీ వెతికిన ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఈ విషయంలో తెలుగు మనకు మంచి సహాయం చేస్తుంది. మనుషులను లెక్కపెట్టడానికి మనకు వేరే మాటలే ఉన్నాయి: ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఆపైన ఎనిమిది మంది, తొమ్మిది మంది. "ఏడుగురు" అన్నాక అది గంట అయ్యే వీలు లేదు. ఆ మాటలను వదిలేసి ఉత్త అంకెలు వాడితే ఆ రక్షణ పోతుంది. పుస్తకంలో కూడా "7గురు, రాత్రి 8:00" అని రాయండి.

పిల్లలను లెక్కలో కలపాలా?

కలపాలి. ఎందుకంటే మనం లెక్కపెట్టేది తినేవారిని కాదు, కూర్చునే చోటును. "మేము నలుగురం, ఇద్దరు పిల్లలు" అంటే నలుగురా, ఆరుగురా? రెండు అర్థాలూ వస్తాయి. "పిల్లలతో కలిపి మొత్తం ఎంతమంది అండీ?" అని అడగండి. కొందరు తమను తాము లెక్కలో వేసుకోవడం మరచిపోతారు, వారికోసం "మీతో కలిపి" అనే మాట చేర్చండి.

చంటిపిల్లలుంటే ఎత్తు కుర్చీ కావాలా, ఒళ్లో కూర్చోబెట్టుకుంటారా, బండిలో తెస్తారా అని అడగాలి. పిల్లల బండికి, చక్రాల కుర్చీకి టేబుల్ పక్కన చోటు వదలాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారు అదే కుర్చీలో కూర్చుంటారా, మార్చుకుంటారా అన్నది కూడా మర్యాదగా అడిగి తెలుసుకోండి. దాన్ని బట్టి ఒక కుర్చీ తీసేయాలో ఉంచాలో తెలుస్తుంది.

"ఆరుగురో ఏడుగురో" అంటే ఏడుగురికి రాసుకుని, ఖాయమైన సంఖ్య ఎప్పటిలోగా చెప్పాలో కూడా అప్పుడే తేల్చుకోండి.

అడిగిన సమయానికి ఖాళీ లేకపోతే?

దగ్గరగా ఉన్న రెండు సమయాలు చెప్పండి. అంతకన్నా ఎక్కువ చెబితే అతిథికి గుర్తుండవు. అసలు జాగ్రత్త ఆ తర్వాతే కావాలి. బుకింగుల్లో నేను చూసిన తప్పుల్లో అతి పెద్దవి ఇక్కడే పుట్టాయి. అతిథి ఎనిమిది అడిగారు, చర్చించి ఏడుంబావుకు ఒప్పుకున్నారు, కాని మనసులో మొదట అనుకున్న ఎనిమిదే పాతుకుపోయి ఉంటుంది. ఇంట్లోవారికి అప్పటికే ఎనిమిదని చెప్పి కూడా ఉంటారు.

కాబట్టి ఇక్కడ మాత్రం పాత సమయాన్ని పేరు పెట్టి తీసేయాలి: "రాత్రి ఏడు పదిహేను అండీ, మీరు మొదట అడిగిన ఎనిమిది కాదు." పుస్తకంలో 8ని దిద్ది 7 చేయకండి. ఒక గీతతో కొట్టేసి పక్కన కొత్తగా రాయండి.

ఒక సంభాషణ మొదటి నుంచి చివరిదాకా చూపిస్తారా?

ఈ రోజు 2026 జూన్ 10, బుధవారం అనుకుందాం.

సిబ్బంది: నమస్కారమండీ, చెప్పండి.

అతిథి: వచ్చే శనివారం రాత్రికి టేబుల్ కావాలండీ. మేము ఏడుగురం, ఎనిమిది గంటలకు వస్తాము.

సిబ్బంది: తప్పకుండా చూస్తానండీ. శనివారం అంటే జూన్ 13నా, 20నా?

అతిథి: ఇరవయ్యో తేదీ.

సిబ్బంది: జూన్ 20, శనివారం. మీతో కలిపి ఏడుగురు అన్నారు, పిల్లలు ఎవరైనా ఉన్నారా అండీ?

అతిథి: ఇద్దరున్నారు. ఒకరు చంటిపాప.

సిబ్బంది: ఆ ఇద్దరితో కలిపే ఏడుగురా?

అతిథి: కాదండీ, పెద్దవాళ్లమే ఏడుగురం.

సిబ్బంది: అయితే మొత్తం తొమ్మిది మంది. పాపకు ఎత్తు కుర్చీ వేయమంటారా?

అతిథి: వేయండి.

సిబ్బంది: ఒక్క నిమిషం ఆగుతారా, చూస్తాను. తొమ్మిది మందికి సరిపోయే టేబుల్ ఎనిమిది గంటలకు లేదండీ. రాత్రి ఏడు పదిహేనుకు ఉంది, లేదంటే తొమ్మిది పదిహేనుకు ఉంది.

అతిథి: పిల్లలున్నారు కదా, ముందుదే ఇవ్వండి.

సిబ్బంది: అలాగేనండీ. రాత్రి ఏడు పదిహేను, మీరు మొదట అడిగిన ఎనిమిది కాదు. పేరు, ఫోను నంబరు చెబుతారా?

ఇక్కడ పేరూ నంబరూ రాసుకుంటారు. పేరును "రమణ గారా, రమణి గారా" అన్నట్టు తేడా వినిపించేలా అడగాలి. నంబరును అతిథి రెండేసి అంకెలుగా చెబితే మీరు ఒక్కొక్క అంకెగా చదవండి. "డబుల్", "ట్రిపుల్" అన్న చోట ఆ అంకెను అన్నిసార్లూ పలకండి.

సిబ్బంది: ఒకసారి మొత్తం చదువుతానండీ, ఏదైనా తేడా ఉంటే అక్కడే ఆపండి. జూన్ 20, శనివారం.

అతిథి: అవును.

సిబ్బంది: రాత్రి ఏడు పదిహేను.

అతిథి: సరే.

సిబ్బంది: మొత్తం తొమ్మిది మంది. పెద్దలు ఏడుగురు, పిల్లలు ఇద్దరు. వారిలో పాపకు ఒక ఎత్తు కుర్చీ.

అతిథి: సరిగ్గా చెప్పారు.

ఈ సంభాషణలో రెండు చోట్ల తప్పు జరగబోయి ఆగింది. తేదీ అడగకపోతే 13న టేబుల్ ఖాళీగా ఎదురుచూసేది, 20న అతిథులకు చోటు ఉండేది కాదు. పిల్లల గురించి అడగకపోతే ఏడు కుర్చీల టేబుల్ దగ్గరికి తొమ్మిది మంది వచ్చేవారు. రెండు ప్రశ్నలకూ కలిపి పట్టిన సమయం పదిహేను సెకన్లకు మించదు.

చివర్లో ఒక్కొక్క వివరం దగ్గర ఆగడం ఎందుకు? ఒకే ఊపిరిలో చెప్పేస్తే?

ఒకే ఊపిరిలో చెబితే అతిథి ఒకే "సరే"తో ముగించేస్తారు. ఆ "సరే" దేనికి చెప్పారో తెలియదు. ఆగినప్పుడు ప్రతి వివరానికీ వేరే జవాబు వస్తుంది, ఆ జవాబు ఎలా వచ్చిందో కూడా వినిపిస్తుంది. వెంటనే వచ్చిన "అవును" వేరు, కాస్త ఆగి సాగదీస్తూ వచ్చిన "ఆ... సరే" వేరు. రెండోది వినిపిస్తే ముందుకు వెళ్లకండి. "సమయం మీకు కుదురుతుందా అండీ, లేక నేను తప్పు రాసుకున్నానా?" అని అడగండి. తప్పును మన మీద వేసుకుని అడిగితే దిద్దడానికి మొహమాటపడరు.

విమానాల్లోనూ ఇదే పద్ధతి ఉంది. పైలట్ తనకు అందిన ఆదేశాన్ని తిరిగి చెబుతారు, అది సరిగ్గా ఉందో లేదో వినడం కంట్రోలర్ బాధ్యత. మన దగ్గర పైలట్ స్థానంలో మనం, కంట్రోలర్ స్థానంలో అతిథి ఉంటారు. తిరిగి చెప్పేది మనం, సరిగ్గా ఉందో లేదో వినాల్సింది అతిథి. ఆయనకు ఆ శిక్షణ ఉండదు కాబట్టి వినే వీలు మనమే కల్పించాలి.

అటువైపు బాగా చప్పుడుగా ఉంటే?

గొంతు పెంచడం కన్నా వాక్యాన్ని చిన్నది చేయడం మేలు. అప్పటికీ అనుమానంగా ఉంటే, మనం చెప్పి వారు ఒప్పుకోవడం మానేసి, వారి చేతనే చెప్పించండి: "ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తున్నారో మీరే ఒకసారి చెబుతారా అండీ?" ప్రతి ఫోనులో ఇలా చేస్తే పరీక్ష పెట్టినట్టుంటుంది, అందుకే అవసరమైనప్పుడే.

బుకింగ్ మార్చమని ఫోను వస్తే?

ముందు పాతది చదివి, అది వారిదేనని తేల్చుకోండి. ఒకే పేరుతో ఇద్దరు ఉండటం అరుదు కాదు, కాబట్టి ఫోను నంబరుతో సరిచూడండి. ఆ తర్వాత మార్పు, ఆపైన కొత్త బుకింగ్ మొత్తం. మారినది సమయం ఒక్కటే అయినా తేదీ, సంఖ్య కూడా మళ్లీ చదవాలి. "సమయం మార్చండి" అన్నవారు మాటల మధ్యలో "ఇంకో ఇద్దరు వస్తున్నారు" అనడం మరచిపోయి ఉండవచ్చు, సంఖ్య వినగానే గుర్తొస్తుంది.

రద్దు చేసేటప్పుడూ తేదీ, వారం, సమయం చదివాకే కొట్టేయండి. కొందరికి రెండు వేర్వేరు రోజులకు బుకింగులు ఉంటాయి.

ఫోనుకు సందేశం పంపుతాము కదా, ఇదంతా అవసరమా?

సందేశం తప్పకుండా పంపండి. కాని దాన్ని శ్రద్ధగా చదివేవారు అందరూ ఉండరు. పైగా నంబరే తప్పు రాసుకుని ఉంటే ఆ సందేశం ఇంకెవరికో వెళుతుంది. ఫోను పెట్టేయకముందే, అతిథి లైనులో ఉండగానే పంపి, అందిందో లేదో అడగడం నా పద్ధతి. సందేశంలో కూడా "రేపు" అని రాయకుండా వారం, తేదీ, నెల, పూటతో సహా సమయం, మొత్తం ఎంతమంది అన్నది అదే వరుసలో రాయండి. ఆలస్యమైతే టేబుల్ ఎంతసేపు ఉంచుతారో మీ రెస్టారెంటు నియమం ఏదైనా, దాన్ని "పదిహేను నిమిషాలు" అని వదిలేయకుండా "7:30 వరకు ఉంచుతాము" అని గడియారం లెక్కలోనే చెప్పండి.